మధ్య దూరానికి ఒక కళ్ళజోడు

యాభై దాటి, ప్రోగ్రెసివ్ అద్దాలు పెట్టుకుని, రోజంతా కంప్యూటర్ మీద పనిచేసేవాళ్ళను ఒకసారి పక్కనుంచి గమనించండి. చాలామంది గడ్డం కాస్త పైకెత్తి, మెడ వెనక్కి వాల్చి, అద్దాల కింది భాగంలోంచి స్క్రీన్‌ను చూస్తుంటారు. వరస చివర ఉన్న అంకె చదవాలంటే కళ్ళు కాదు, తలే తిరుగుతుంది. సాయంత్రమయ్యేసరికి మెడ పట్టేస్తుంది, భుజాలు లాగుతాయి. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళితే పవర్ సరిగ్గానే ఉందంటారు. ఆ మాట నిజమే. పవర్‌లో తప్పేమీ లేదు. స్క్రీన్‌కి కావలసిన పవర్ ఆ అద్దంలో ఎక్కడ ఉంది, ఎంత వెడల్పున ఉంది అన్నదగ్గరే అసలు చిక్కు ఉంది.

ఈ చిక్కు తీర్చడానికి తయారైనవే ఆఫీస్ ప్రోగ్రెసివ్ అద్దాలు. మన ఊళ్ళలో కూడా కొన్ని ఆప్టికల్ షాపుల్లో దొరుకుతున్నాయి. కానీ అడిగి కొనేవాళ్ళు తక్కువ, విడమరిచి చెప్పి అమ్మేవాళ్ళు ఇంకా తక్కువ. పేరు విని, మామూలు ప్రోగ్రెసివ్‌కే ఇంకాస్త ఖరీదైన రకమేమో అనుకుంటారు. అది కాదు. మామూలు ప్రోగ్రెసివ్ ఇచ్చే ఒక పెద్ద సౌకర్యాన్ని ఇది ఇవ్వదు. దాన్ని వదులుకున్నందుకే మరొకటి ఇస్తుంది. ఆ లెక్క అర్థమైతే మీకు ఇది కావాలో వద్దో మీరే తేల్చుకోవచ్చు.

కన్ను నుంచే మొదలుపెడదాం. కంటి లోపలి లెన్స్ చిన్నప్పుడు మెత్తగా ఉంటుంది. దగ్గరి వస్తువు చూడాలంటే ఉబ్బుతుంది, దూరం చూడాలంటే పలచబడుతుంది. వయసుతోపాటు అది గట్టిపడి, ఉబ్బే శక్తి తగ్గిపోతుంది. నలభై దాటాక పేపరు చెయ్యి చాచి చదవాల్సి వస్తే, అదే చత్వారం. తగ్గిన శక్తిని అద్దంలో ప్లస్ పవర్‌గా కలుపుతారు. డాక్టరు రాసిచ్చే చీటీలో 'యాడ్' అన్న గడిలో ఉండే అంకె అదే. నలభై అయిదేళ్ళప్పుడు అది 1 దగ్గర మొదలై, అరవై వచ్చేసరికి 2.50 దాకా పెరుగుతుంది.

ఎంత దూరానికి ఎంత పవర్ కావాలో లెక్క కష్టమేమీ కాదు. 100ని సెంటీమీటర్ల దూరంతో భాగిస్తే చాలు. 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్న పుస్తకానికి 2.50 కావాలి. 70 సెంటీమీటర్ల దూరంలో ఉన్న స్క్రీన్‌కి సుమారు 1.43. 4 మీటర్ల అవతలి గోడ గడియారానికి 0.25 సరిపోతుంది. ఇందులో కొంత కన్ను తన సొంత శక్తితో భరిస్తుంది, మిగతాది అద్దం ఇవ్వాలి. నలభై అయిదేళ్ళ కన్నుకి సొంత శక్తి ఇంకా బాగానే ఉంటుంది కాబట్టి, స్క్రీన్‌కి కావలసిందంతా దాదాపు తనే పెట్టుకోగలదు. అందుకే చాలామందికి మొదటి ప్రోగ్రెసివ్ అద్దాలతో కంప్యూటర్ దగ్గర ఇబ్బంది ఉండదు. యాడ్ 2 దాటాక స్క్రీన్ కూడా అద్దం మీదే ఆధారపడుతుంది. అయిదారేళ్ళు హాయిగా గడిచాక, అదే కంపెనీ అద్దం, అదే షాపు, కొత్త పవర్ వేయించుకున్న నెల నుంచే మెడనొప్పి మొదలైందని కొందరు చెప్పడానికి కారణం ఇదే.

ఇక మామూలు ప్రోగ్రెసివ్ నిర్మాణం చూద్దాం. ఫ్రాన్స్‌లో బెర్నార్ మెత్నాజ్ అనే ఇంజనీరు రూపొందించిన వారిలక్స్ అద్దాలు 1959లో మార్కెట్‌లోకి వచ్చాయి. అంతకుముందు చత్వారానికి గీత ఉన్న బైఫోకల్ ఉండేది. పైన దూరం, కింద దగ్గర, మధ్యలో ఏమీ లేదు. వారిలక్స్ ఆ గీతను తీసేసి, పై పవర్ నుంచి కింది పవర్‌కి మెల్లగా దించుకుంటూ వెళ్ళింది. అద్దం పైభాగం నడవడానికి, బండి నడపడానికి. కింది భాగం పుస్తకానికి. రెంటినీ కలిపే సన్నని దారిని కారిడార్ అంటారు. ఆ రోజుల్లో మనిషి మధ్య దూరాన్ని రోజుకి ఎనిమిది గంటలు చూస్తాడని ఎవరూ అనుకోలేదు. ఆఫీసు బల్లల మీదికి కంప్యూటర్లు వచ్చింది చాలా ఏళ్ళ తర్వాత. ఇవాళ మన పనంతా జరుగుతున్నది, అప్పట్లో దాటిపోవడానికి మాత్రమే ఉంచిన ఆ సన్నని దారిలోనే.

దాన్ని వెడల్పు చేసేస్తే సరిపోదా అని అడగవచ్చు. సరిగ్గా ఇక్కడే గణితం అడ్డుపడుతుంది. అద్దం కిందికి వెళ్ళేకొద్దీ పవర్ పెరగాలంటే దాని వంపు పెరుగుతూ పోవాలి. ఒకే ఉపరితలం అలా నిలువునా వంపు మార్చుకుంటుంటే పక్కలకు ఆ వంపు సరిపడక మెలికపడుతుంది. ఆ మెలికే పక్కచూపులో మసకగా, వంకరగా కనిపిస్తుంది. అది చీటీలో 'సిలిండర్' అని రాసే రకం మసక. కారిడార్ నడిమి గీత వెంట పవర్ ఎంత వేగంగా మారుతుందో, దానికి రెట్టింపు వేగంతో పక్కలకు ఈ సిలిండర్ పెరుగుతుందని గుంటర్ మింక్విట్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1963లో నిరూపించాడు. ఏ కంపెనీ ఎంత గొప్ప డిజైన్ చేసినా ఈ నియమాన్ని దాటలేదు. మసకను పక్కలకు నెట్టగలదు, పలచగా పరచగలదు, అంతే. తక్కువ జాగాలో ఎక్కువ ఎత్తు ఎక్కాలంటే మెట్లు నిటారుగా కట్టక తప్పదు కదా, ఇదీ అంతే. ఏటవాలు తగ్గాలంటే ఎక్కాల్సిన ఎత్తు తగ్గాలి, లేదా జాగా పెరగాలి. ఆఫీస్ ప్రోగ్రెసివ్ ఈ రెండూ చేస్తుంది.

అంకెల్లో చూస్తే తేడా ఎంతో తెలుస్తుంది. ఒక ఆడిటర్ ఆఫీసులో పనిచేసే 54 ఏళ్ళ అకౌంటెంటును ఊహించుకుందాం. దూరానికి రెండు కళ్ళకూ +0.50, యాడ్ 2.25. అంటే దగ్గరికి మొత్తం +2.75. ఆమె ముందు ఇరవై రెండంగుళాల మానిటర్, వెడల్పు 48 సెంటీమీటర్లు, కంటి నుంచి 70 సెంటీమీటర్ల దూరం. మానిటర్ పై అంచు సరిగ్గా కంటి ఎత్తులో ఉంది. బల్ల మీద 45 సెంటీమీటర్ల దూరంలో వోచర్లు. ఎదురుగా మీటరున్నర అవతల క్లయింట్ల కుర్చీలు. పగలంతా టాలీ, ఎక్సెల్.

పుస్తకానికి 2.50 కావాలి, యాడ్ 2.25 కాబట్టి మిగతా పావు పవర్ ఆమె కన్ను పెట్టుకుంటోంది. స్క్రీన్ దగ్గరా అంతే శ్రమ పెడితే అద్దం నుంచి ఇంకా సుమారు 1.20 రావాలి. మామూలు ప్రోగ్రెసివ్‌లో కారిడార్ 14 మిల్లీమీటర్లు ఉందనుకుంటే, పవర్ మిల్లీమీటరుకి 0.16 చొప్పున పెరుగుతుంది. ఆ 1.20 కంటిపాపకి ఏడున్నర మిల్లీమీటర్ల కింద కానీ దొరకదు. నేరుగా చూస్తే కళ్ళకు ఎదురుగా ఉన్నది దూరానికి వేసిన భాగం, అందులోంచి స్క్రీన్ పైవరసలు మసక. కాబట్టి ఆమె ఆ కింది భాగాన్ని స్క్రీన్ ఎదుటికి తెచ్చుకోవాలి. దానికి తల సుమారు 15 డిగ్రీలు వెనక్కి వాల్చాలి. మనం పక్కనుంచి గమనించిన ఆ గడ్డం ఎత్తడం ఇదే.

వెడల్పు సంగతి చూడండి. పవర్ 0.16 చొప్పున మారుతోంది కాబట్టి పక్కలకు సిలిండర్ 0.32 చొప్పున పెరుగుతుంది. అర పవర్ సిలిండర్ దాకా కన్ను ఓర్చుకుంటుందనుకుంటే, నడిమి గీతకు అటు ఒకటిన్నర, ఇటు ఒకటిన్నర, మొత్తం 3 మిల్లీమీటర్ల పైచిలుకు బాగున్నట్టు. అద్దం నుంచి కన్ను తిరిగే కేంద్రం 27 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ కొలతతో, ఆ 3 మిల్లీమీటర్లు 70 సెంటీమీటర్ల దూరంలోని స్క్రీన్ మీద సుమారు 8 సెంటీమీటర్ల పట్టీగా పరుచుకుంటాయి. 48 సెంటీమీటర్ల స్క్రీన్‌లో ఆరో వంతు. ఎక్సెల్‌లో రెండు మూడు గడులు. మసక అక్కడ గోడ కట్టినట్టు మొదలవదు, మెల్లగా ముదురుతుంది. మంచి డిజైన్లలో ఈ అంకెలు కాస్త మెరుగ్గానూ ఉంటాయి. అయినా ఒక వరసను ఈ చివర నుంచి ఆ చివర దాకా చదవాలంటే ఆమె తల తిప్పుతూ పోవాల్సిందే.

ఇక్కడ డబ్బు ఖర్చు లేని ఉపాయం ఒకటుంది, దాన్ని ముందు వాడిచూడాలి. స్క్రీన్ పై అంచు కంటి ఎత్తులో ఉండాలని అన్ని చోట్లా చెబుతారు. అది ఇరవై అయిదేళ్ళవాళ్ళకి మంచి సలహా. మామూలు ప్రోగ్రెసివ్ పెట్టుకున్నవాళ్ళకి కాదు. మన అకౌంటెంటు మానిటర్‌ను ఆరేడు సెంటీమీటర్లు కిందికి దించి, పైభాగాన్ని కాస్త వెనక్కి వాల్చితే, స్క్రీన్ నడిభాగం ఆ ఏడున్నర మిల్లీమీటర్ల చోటుకి ఎదురవుతుంది. మానిటర్ కింద పెట్టిన పాత లెడ్జర్లో, చెక్కపీటో తీసేస్తే చాలు. మెడ నిటారవుతుంది. కొందరికి ఇంతటితోనే బాధ తగ్గిపోతుంది. వెడల్పు మాత్రం ఆ 8 సెంటీమీటర్లే.

ఇప్పుడు ఆఫీస్ అద్దం. ఇది దూరం నుంచి లెక్క మొదలుపెట్టదు, దగ్గరి పవర్ నుంచి మొదలుపెట్టి పైకి తగ్గించుకుంటూ పోతుంది. ఎంత తగ్గిస్తారో దాన్ని డిగ్రెషన్ అంటారు. ఆమె దగ్గరి పవర్ +2.75. దాన్ని 1.25 మేర తగ్గిస్తే పైభాగంలో +1.50 ఉంటుంది. అంటే ఆమె దూరపు పవర్ కంటే ఒక పాయింటు ఎక్కువ. ఒక పాయింటు ఎక్కువంటే మీటరు దాకా స్పష్టం, ఆపైన మసక. దూరం చూసే భాగం ఇందులో లేనే లేదు. ఆ భాగాన్ని తీసేయడంతో మిగిలిన జాగా అంతా మధ్య దూరానికి వచ్చింది. పవర్ మార్పు కంటిపాపకి పైనుంచే మొదలై కింద దాకా, దాదాపు 20 మిల్లీమీటర్ల పొడవున మెల్లగా సాగుతుంది. స్క్రీన్‌కి కావలసిన పవర్ కంటిపాపకు ఎదురుగా, లేదా దానికి కొద్ది కిందనే దొరుకుతుంది. తల నిటారుగా ఉంచి నేరుగా చూడవచ్చు.

అదే లెక్క మళ్ళీ వేస్తే, 20 మిల్లీమీటర్లలో 1.25 మారుతోంది కాబట్టి పక్కలకు సిలిండర్ మిల్లీమీటరుకి 0.125 చొప్పునే పెరుగుతుంది. అటు 4, ఇటు 4, మొత్తం 8 మిల్లీమీటర్లు. స్క్రీన్ మీద సుమారు 21 సెంటీమీటర్లు. 8 సెంటీమీటర్ల పట్టీ రెండున్నర రెట్లు పెరిగింది. కింద చదివే భాగం కూడా వెడల్పయి, కాస్త పైకి జరుగుతుంది కాబట్టి వోచర్లు చూడటానికి కళ్ళు అంతగా దించక్కర్లేదు.

ఎదురుగా మీటరున్నర అవతల కూర్చున్న క్లయింటు ముఖం ఈ అద్దంలో కొద్దిగా మెత్తబడినట్టు కనిపిస్తుంది, గుర్తుపట్టడానికి ఇబ్బంది ఉండదు. ఆ ముఖం కూడా స్పష్టంగా కావాలంటే డిగ్రెషన్ 1.75 తీసుకోవచ్చు. అప్పుడు 2 మీటర్ల దాకా బాగుంటుంది. కానీ స్క్రీన్ మీది పట్టీ 21 నుంచి సుమారు 15 సెంటీమీటర్లకు తగ్గుతుంది. దూరం పెంచిన ప్రతిసారీ వెడల్పులో మూల్యం చెల్లించాలి. షాపులో 'ఇది దూరానికీ, కంప్యూటర్‌కీ, దగ్గరికీ అన్నిటికీ వెడల్పుగా ఉంటుందండీ' అని ఎవరైనా అంటే ఆ మాట నమ్మవద్దు. మింక్విట్స్ నియమం అందుకు ఒప్పుకోదు.

ఈ అద్దాలను కంపెనీలు రకరకాల పేర్లతో అమ్మినా, తేడా ప్రధానంగా ఎంత దూరం దాకా కనబడుతుందన్నదే. మీటరు దాకా చూపేవి ఒక రకం. ఎక్కువగా రాతపని, చదువు, ఒకే స్క్రీన్ ఉన్నవాళ్ళకి అవి. 2 మీటర్ల దాకా చూపేవి ఎదుటివాళ్ళతో మాట్లాడుతూ పనిచేసేవాళ్ళకి, రెండు మానిటర్లు ఉన్నవాళ్ళకి. 4 మీటర్ల దాకా చూపేవి మీటింగు గదికి, క్లాసుకి, వంటింటికి. పేరు ఏదైనా 'ఎన్ని మీటర్ల దాకా?' అని ఒక్క ప్రశ్న అడిగితే అది ఏ రకమో తేలిపోతుంది. దానికి జవాబు చెప్పలేని షాపులో ఈ అద్దం చేయించుకోకపోవడమే మంచిది.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ అద్దాలతో బండి నడపకూడదు. కారైనా, స్కూటరైనా అంతే. డ్రైవింగ్ లైసెన్సుకి దరఖాస్తు చేసేటప్పుడు ఇచ్చే ఆరోగ్య ప్రకటనలో, పట్టపగటి వెలుతురులో 25 మీటర్ల దూరంలోని కారు నంబరు ప్లేటు, అద్దాలు వాడేవాళ్ళయితే వాటితోనే, కనిపిస్తుందా అన్న ప్రశ్న ఉంటుంది. మీటరు దాకా చూపే ఆఫీస్ అద్దంలోంచి చూస్తే, దూరపు సైటు ఉండి అద్దాలు పెట్టుకోనట్టే లెక్క. ఆ ప్లేటు చదవగలగడం అనుమానమే. ఆఫీసు నుంచి బయటికి వస్తూ అద్దాలు మార్చుకోవడం మర్చిపోవడం చాలా తేలిక. అందుకే ఈ జోడుకి వేరే రంగు ఫ్రేము తీసుకోవడం, దాన్ని ఆఫీసు బల్ల సొరుగులోనే వదిలి రావడం మంచి పద్ధతి. మెట్లు దిగేటప్పుడూ జాగ్రత్త కావాలి. పాదాల దగ్గరి మెట్టు మసకగా కనిపిస్తుంది.

చేయించుకోవాలనుకుంటే మొదటి పని షాపుకి వెళ్ళడం కాదు, మీ బల్ల దగ్గర టేపు పట్టుకోవడం. మామూలుగా మీరెలా కూర్చుంటారో అలాగే కూర్చుని, పక్కనున్నవాళ్ళ చేత కొలిపించండి. ఫొటోకి కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంటే అంకె తప్పు వస్తుంది. కంటి నుంచి స్క్రీన్‌కి ఎంత, రెండో స్క్రీన్ ఉంటే దానికి ఎంత, కాగితాలకి ఎంత, మీరు స్పష్టంగా చూడాల్సిన వాటిలో అన్నిటికన్నా దూరంగా ఉన్నది ఎంత. స్క్రీన్ పై అంచు కంటికి ఎంత పైన లేదా కింద ఉందో కూడా రాసుకోండి. ల్యాప్‌టాప్ వాడేవాళ్ళ లెక్క వేరు. దాని స్క్రీన్ దగ్గరగా ఉంటుంది, కిందికీ ఉంటుంది. 55 సెంటీమీటర్ల దూరంలో ల్యాప్‌టాప్ వాడే మనిషికి 70 సెంటీమీటర్ల లెక్కతో అద్దం చేస్తే, మనిషి వెనక్కి జరుగుతూ పనిచేయాల్సి వస్తుంది.

ఆ కాగితం పట్టుకెళితే ఆప్టోమెట్రిస్టుకి సగం పని అయిపోయినట్టే. ట్రయల్ ఫ్రేములో స్క్రీన్ దూరానికి సరిపడే పవర్ వేసి, మీ కొలత దూరంలోనే ఒక స్క్రీన్‌నో, అక్షరాల కార్డునో చూపించమని అడగండి. షాపు కౌంటరు మీదున్న పుస్తకం చదివించి సరిపెట్టడం కాదు. తర్వాత, ప్రతి కంటికీ విడిగా ముక్కు మధ్య నుంచి కంటిపాప దాకా కొలత తీయాలి. రెండు కళ్ళ మధ్య దూరం కొలిచి సగం చేస్తే కుదరదు, చాలామంది ముఖం రెండు వైపులా సమానంగా ఉండదు. కంటిపాప ఫ్రేము అడుగు అంచు నుంచి ఎంత ఎత్తులో ఉందో, మీకు సరిచేసి పెట్టిన ఫ్రేము మీదే గుర్తుపెట్టాలి. మరీ సన్నని ఫ్రేమయితే 20 మిల్లీమీటర్ల మెల్లని మార్పుకి చోటే ఉండదు, కింది భాగం కోతలో పోతుంది.

కంప్యూటర్ అద్దాలనగానే బ్లూ కట్ పూత గుర్తొచ్చేలా చేశాయి ప్రకటనలు. ఆ పూతకీ, ఇప్పటిదాకా చెప్పుకున్న విషయానికీ సంబంధం లేదు. నీలికాంతిని ఆపే అద్దాల మీద జరిగిన 17 పరీక్షలను కలిపి 2023లో కాక్రేన్ సంస్థ చేసిన సమీక్షలో, కంప్యూటర్ పనివల్ల వచ్చే కంటి అలసటను అవి మామూలు అద్దాల కన్నా తగ్గించే అవకాశం, కనీసం స్వల్పకాలంలో, కనిపించలేదు. యాభై అయిదేళ్ళ మనిషి స్క్రీన్ కష్టానికి మామూలు ప్రోగ్రెసివ్ మీదే నీలిపూత వేసి, 'కంప్యూటర్ ప్రోగ్రెసివ్' అని అమ్మడం జరుగుతూనే ఉంది. బిల్లులో ఆ పేరు కాదు, ఎన్ని మీటర్ల దాకా అన్నదో, డిగ్రెషన్ అంకెనో రాయించుకోవాలి.

అందరికీ ఈ అద్దాలు కావాలని కాదు. యాడ్ 1.50 లోపు ఉన్నవాళ్ళలో చాలామందికి మామూలు ప్రోగ్రెసివ్, కాస్త దించిన స్క్రీన్ చాలు. పనంతా స్క్రీన్ మీదే, కాగితం చూసే అవసరం అరుదు అన్నవాళ్ళకి, స్క్రీన్ దూరానికి వేసిన ఒంటి పవర్ అద్దం ఇంకా మంచిది. అద్దమంతా ఒకే పవర్ కాబట్టి పక్కమసక ఉండదు, ధరా తక్కువ. మన అకౌంటెంటుకి అది +1.75 అవుతుంది. స్క్రీన్ ఈ చివర నుంచి ఆ చివరకి తేటగా ఉంటుంది. వోచరు చేతిలోకి తీసుకుంటే మాత్రం కళ్ళు లాగుతాయి. రోజుకి రెండుసార్లు తీసేవాళ్ళకి అది సమస్య కాదు, రెండువందల సార్లు తీసేవాళ్ళకి సమస్యే. ఇక రెండు కళ్ళకూ మైనస్ 1.50 దగ్గర దూరపు సైటు ఉండి, సిలిండర్ పెద్దగా లేనివాళ్ళ సంగతి. వాళ్ళు అద్దాలు తీసేస్తే 66 సెంటీమీటర్ల దూరం తేటగా కనిపిస్తుంది, సరిగ్గా స్క్రీన్ ఉండే చోటు. వాళ్ళకి ఆఫీస్ అద్దం అమ్మబోయే ముందు ఆ మాట చెప్పడం షాపువాళ్ళ ధర్మం. ఒకే జోడు కొనగలిగిన స్థితి ఉంటే ఆ జోడు మామూలు ప్రోగ్రెసివే కావాలి, దాంతో రోడ్డు మీద నడవవచ్చు. ఆఫీస్ అద్దం ఎప్పుడూ రెండో జోడే.

ఆ రెండో జోడు ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకి యూరప్‌లో చట్టం ఉంది. స్క్రీన్ మీద పనిచేసే ఉద్యోగికి మామూలు అద్దాలు ఆ పనికి సరిపోవని కంటి పరీక్షలో తేలితే, ప్రత్యేకమైన అద్దాలు ఉద్యోగి మీద భారం పడకుండా సమకూర్చాలని 1990 నాటి యూరోపియన్ ఆదేశం చెబుతోంది. రుమేనియాకి చెందిన ఒక ఉద్యోగి కేసులో, 2022 డిసెంబరులో, ఆ ప్రత్యేక సాధనాల్లో చూపును సరిదిద్దే కళ్ళద్దాలు కూడా వస్తాయని, యజమాని నేరుగా కొనివ్వవచ్చు లేదా ఉద్యోగి పెట్టిన ఖర్చు తిరిగి చెల్లించవచ్చని అక్కడి అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. జర్మనీలోనో, నెదర్లాండ్స్‌లోనో ఐటీ ఉద్యోగం చేస్తున్న మనవాళ్ళు జేబులోంచి ఖర్చుపెట్టే ముందు ఆఫీసులో ఒకసారి అడగాలి. రోజుకి పది గంటలు స్క్రీన్ ముందు కూర్చోబెట్టే మన కంపెనీలు కూడా ఈ పని చేయాలని నా గట్టి అభిప్రాయం. మెడనొప్పి సెలవుల ముందు ఒక జోడు ఖర్చు ఎంత?

అద్దాలు చేతికి వచ్చాక మొదటి వారం కొత్తగా ఉంటుంది, అది సహజం. తప్పు జరిగి ఉంటే అది వేరేగా కనిపిస్తుంది, ఎక్కడ జరిగిందో కూడా చెబుతుంది. ఇంకా గడ్డం ఎత్తితేనే స్క్రీన్ స్పష్టంగా ఉంటే, అద్దం ఫ్రేములో కిందికి కూర్చుంది, లేదా ఆఫీస్ అద్దం పేరుతో మామూలుది వచ్చింది. ముందుకి వంగితే తేటపడుతుంటే, స్క్రీన్ చోట పవర్ ఎక్కువైంది, అంటే మీ కొలత కన్నా తక్కువ దూరానికి చేశారు. నేరుగా కూర్చున్నా స్క్రీన్ ఒక పక్క బాగుండి మరో పక్క మసకగా ఉంటే, కంటిపాప కొలత తప్పింది. దాన్ని పట్టుకోవడానికి తల కదపకుండా ఒక కన్ను మూసి, స్క్రీన్ మీద ఒకే వరసలో ఎక్కడి నుంచి ఎక్కడి దాకా స్పష్టంగా ఉందో చూడండి. తర్వాత రెండో కన్ను మూసి చూడండి. రెండు పట్టీలూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడాలి. అద్దంలో 2 మిల్లీమీటర్ల తప్పు స్క్రీన్ మీద 5 సెంటీమీటర్ల జరుగుబాటు అవుతుంది. 21 సెంటీమీటర్ల పట్టీ దాన్ని కొంత తట్టుకుంటుంది, 8 సెంటీమీటర్ల పట్టీ అయితే సగానికి పైగా పోయినట్టే.

వేరే షాపులో లెన్సోమీటర్ మీద పెట్టి చూపించుకునేవాళ్ళు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఆఫీస్ అద్దం పైభాగం దూరపు పవర్ చూపించదు. మన అకౌంటెంటు చీటీలో +0.50 ఉంటే యంత్రం +1.50 అంటుంది, అక్కడివాళ్ళు అద్దం తప్పుగా చేశారని చెప్పే ప్రమాదం ఉంది. చూడాల్సింది కింది భాగం. అక్కడ +2.75 రావాలి. పైన దాని కన్నా ఎంత తగ్గిందో అదే మీరు బిల్లులో రాయించుకున్న డిగ్రెషన్. మామూలు ప్రోగ్రెసివ్‌కి గానీ, ఆఫీస్ అద్దానికి గానీ, కంటికి కనబడీ కనబడని రెండు చిన్న గుర్తులు 34 మిల్లీమీటర్ల ఎడంతో చెక్కి ఉంటాయి. అద్దం మీద నోటి ఆవిరి ఊది, వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే అవి బయటపడతాయి. షాపువాళ్ళ దగ్గర ఆ రకం అద్దానికి సంబంధించిన చార్టు ఉంటుంది. ఆ గుర్తులను చార్టు మీద పెట్టి, మీరు అద్దాలు పెట్టుకున్నప్పుడు కంటిపాప ఎక్కడ ఉండాలో అద్దం మీదే పెన్నుతో గుర్తు వేయమనండి. ఆ చుక్క మీ కంటిపాపకి ఎదురుగా లేకపోతే, ముందు ముక్కు దగ్గరి ప్యాడ్లు, చెవి దగ్గరి వంపు సరిచేయించుకోండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎత్తు తేడా అలాగే సర్దుకుంటుంది. అంతకు మించితే, లేదా చుక్క పక్కకు జరిగి ఉంటే, అద్దం మళ్ళీ చేయించి ఇవ్వమని అడగాలి.